‘అన్ని రూట్లూ తెలుసు, ప్రమాదాలు లేవు’: ఒక డెలివరీ డ్రైవర్ బయోడేటాకు మార్కులు వేసిన తీరు

మేడ్చల్ దగ్గర డిపో ఉన్న ఒక నిత్యావసర సరుకుల పంపిణీ సంస్థ, డెలివరీ డ్రైవర్ల కోసం ప్రకటన ఇచ్చి, వచ్చిన బయోడేటాలను వడపోసి రోడ్డు టెస్టుకు పిలవదగినవారి జాబితా తయారు చేసే పనిని మాకు అప్పగించింది. రవాణా సంస్థలకు డ్రైవర్లను ఎంపిక చేసి పెట్టడం నా వృత్తి. ఆ వడపోతలో ఒక్క అభ్యర్థి బయోడేటాను తీసుకుని, దానికి మార్కులు ఎలా పడ్డాయో, ఎక్కడ పెరిగాయో, ఎక్కడ తగ్గాయో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. అభ్యర్థి పేరు, పాత యజమానుల పేర్లు, వాహనాల నంబర్లు ఇవ్వడం లేదు. ఆయన లైసెన్సు వివరాలు, పాత యజమానులతో మా సంభాషణలు అన్నీ ఆయన రాతపూర్వక అనుమతి తీసుకున్నాకే జరిగాయి.

డ్రైవర్ బయోడేటాలు చూసేవారికి వాటి రూపం తెలిసిందే. జిరాక్స్ షాపులోనో నెట్ సెంటర్‌లోనో ఉన్న నమూనాలో పేరు, తండ్రి పేరు, ఊరు మార్చి ప్రింటు తీస్తారు. అందులోని వాక్యాలు చాలావరకు డ్రైవర్ రాసినవి కావు. అందువల్ల వాక్యం ఎంత బాగుందన్నదానికి మార్కు ఉండకూడదు, ఆ వాక్యం వెనక తనిఖీ చేయగలిగిన ఆధారం ఎంత ఉందన్నదానికే ఉండాలి. మేము పాటించిన పద్ధతి అంతా ఈ ఒక్క సూత్రం మీదే నడిచింది.

ప్రకటనే సరిగా లేనప్పుడు

సంస్థ ఇచ్చిన ప్రకటనలో మూడు షరతులు ఉన్నాయి. హెవీ లైసెన్సు తప్పనిసరి, హైదరాబాద్ రూట్లు బాగా తెలిసి ఉండాలి, ప్రమాదాల చరిత్ర ఉండకూడదు. బయోడేటాలు తెరిచే ముందు మేము డిపోలోని వాహనాల ఆర్సీలు అడిగి తెప్పించుకున్నాం, ఎందుకంటే ఏ లైసెన్సు కావాలో తేల్చేది ఆర్సీలో రాసి ఉన్న మొత్తం బరువే గాని, బండి పొడవో యజమాని అలవాటో కాదు. రోజువారీ డెలివరీకి తిరిగే 14 అడుగుల క్లోజ్డ్ బాడీ బండ్లన్నింటికీ లోడుతో సహా మొత్తం బరువు 7,490 కిలోలుగా నమోదై ఉంది. వారానికి రెండుసార్లు కరీంనగర్ వెళ్లే 19 అడుగుల బండ్లు రెండింటికి మాత్రం అది 10 టన్నులు దాటింది.

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం మొత్తం బరువు 7,500 కిలోలు మించని వాహనం లైట్ మోటార్ వెహికల్ కిందికి వస్తుంది. లైట్ లైసెన్సు ఉన్న వ్యక్తి ఆ బరువులోపు సరుకు వాహనాన్ని, బ్యాడ్జి అని మనవాళ్లు పిలిచే ట్రాన్స్‌పోర్ట్ అనుమతి విడిగా లేకుండా నడపవచ్చా అన్న వివాదం చాలా ఏళ్లు సాగింది. ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థలు పరిహారం నిరాకరించడానికి ఎత్తిచూపిన కారణాల్లో ఇది ముఖ్యమైనది. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, 7,500 కిలోలలోపు వాహనానికి విడిగా ఆ అనుమతి అక్కర్లేదని తేల్చింది. ప్రమాదకర సరుకులు మోసే వాహనాల వంటి వాటికి ఉన్న ప్రత్యేక నిబంధనలు మాత్రం అలాగే ఉంటాయి. ఈ డిపోలో ఆ రకం సరుకు లేదు.

కాబట్టి రోజువారీ రూటుకు హెవీ లైసెన్సు తప్పనిసరి అనడానికి చట్టంలో ఆధారం లేదు. ఆ షరతు అలాగే ఉంచితే సిటీ గల్లీల్లో ఏళ్ల తరబడి డెలివరీ చేసిన మనిషి మొదటి వడపోతలోనే పోతాడు, జాతీయ రహదారి మీద లారీ మాత్రమే నడిపిన మనిషి పైకి వస్తాడు. ఈ సంగతి యజమానికి ఆర్సీలు ముందు పెట్టి చెప్పాం. “మా నాన్నగారి కాలం నుంచి హెవీ అనే అడుగుతున్నామండీ, అదైతే నమ్మకం” అన్నారాయన. బీమా ఏజెంటుతో కూడా మాట్లాడుకున్న తరువాత, సరైన లైట్ లైసెన్సు తప్పనిసరి, బ్యాడ్జి ఉంటే మేలు, హెవీ ఉంటే అదనపు మార్కులు అని మార్చడానికి ఒప్పుకున్నారు.

మొత్తం 100 మార్కులలో లైసెన్సుకు 25, రూటు పరిజ్ఞానానికి 35, భద్రతకు 40 కేటాయించాం. లైసెన్సుకు తక్కువ మార్కులు ఇవ్వడం కొందరికి వింతగా తోచవచ్చు. లైసెన్సు మొదట ఒక గేటు. బండికి తగిన తరగతి లేకపోయినా, గడువు తీరిపోయినా, సస్పెన్షన్‌లో ఉన్నా మిగతా 75 మార్కులు లెక్కించే అవసరమే లేదు. గేటు దాటినవారి మధ్య తేడా చూపడానికి 25 చాలు. రోడ్డు టెస్టుకు పిలవడానికి కనీసం 65 రావాలని నిర్ణయించాం.

లైసెన్సు: తెర మీద కనిపించేది, కనిపించనిది

మన అభ్యర్థి బయోడేటా రెండు పేజీలు. 35 ఏళ్ల వయసు, పదకొండేళ్ల అనుభవం. 2014 నుంచి 2017 వరకు పాల పంపిణీదారు దగ్గర టాటా ఏస్, 2017 నుంచి 2021 వరకు మందుల హోల్‌సేల్ సంస్థలో 14 అడుగుల బండి, 2021 జులై నుంచి 2025 వరకు ఒక కొరియర్ కాంట్రాక్టరు దగ్గర హైదరాబాద్–విజయవాడ మధ్య రాత్రి డ్యూటీ అని ఉంది. వీటి కింద మూడు వాక్యాలు: ‘హెవీ లైసెన్సు, బ్యాడ్జి కలవు. హైదరాబాద్ అన్ని రూట్లూ తెలుసు. ఎటువంటి ప్రమాదాలు లేవు.’

సారథి పోర్టల్‌లో లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ ఇస్తే వివరాలు వస్తాయి. స్థితి ACTIVE అని చూపింది. నాన్ ట్రాన్స్‌పోర్ట్ గడువు 2032 వరకు, ట్రాన్స్‌పోర్ట్ గడువు 2022 జూన్ నుంచి 2027 జూన్ వరకు ఉంది. వాహన తరగతుల పట్టికలో లైట్ వాహనాలకు వాడే LMV 2012లో, దానికి ట్రాన్స్‌పోర్ట్ అనుమతిని చూపే LMV-TR 2014 మార్చిలో చేరినట్టు ఉంది. హెవీకి సంబంధించిన తరగతి ఏదీ లేదు.

ఇలాంటి చోట తెర మీద చూసిన సంగతి ముందే బయటపెట్టకుండా, అభ్యర్థిని ఖాళీ ప్రశ్న అడగడం మా పద్ధతి. “మీ లైసెన్సులో ఏమేం ఉన్నాయో కార్డు చూసి చదవండి” అన్నాం. ఆయన కార్డు తెచ్చుకుని చదివి, “హెవీకి ఎల్ఎల్ఆర్ తీశాను సార్, టెస్టుకు వెళ్లలేదు. నెట్ సెంటర్ అబ్బాయి మీ ప్రకటన చూసి హెవీ అని కొట్టాడు, నేను చూసుకోలేదు” అన్నారు. హెవీకి ఉంచిన అదనపు మార్కులు 5 పోయాయి. అంతకు మించి కోత వేయలేదు. మేము పట్టుకున్నాక ఒప్పుకోవడం వేరు, అడగగానే ఉన్నది ఉన్నట్టు చెప్పడం వేరు. రెండింటికీ ఒకే శిక్ష వేస్తే నిజం చెప్పినవాడికి దక్కేదేమీ ఉండదు.

రెండో విషయం ఇంకాస్త సూక్ష్మమైనది. పోర్టల్ చూపేది ఇప్పటి గడువునే. పాత గడువులు తెలియాలంటే పాత కార్డు జిరాక్స్ కావాలి. అదృష్టవశాత్తు ఆయన దగ్గర ఉంది. దాని మీద ట్రాన్స్‌పోర్ట్ గడువు 2020 మార్చితో ముగిసింది. అప్పటి నిబంధన ప్రకారం ట్రాన్స్‌పోర్ట్ అనుమతి మూడేళ్లకే ఉండేది, అది ఐదేళ్లయింది 2019 సవరణతోనే. 2020 మార్చిలో ముగిసిన అనుమతిని 2022 జూన్‌లో రెన్యువల్ చేయించారంటే చూపుకు రెండేళ్లకు పైగా ఖాళీ. కానీ కరోనా కాలంలో కేంద్ర రవాణా శాఖ, 2020 ఫిబ్రవరి 1 తరువాత గడువు తీరిన పత్రాలను 2021 అక్టోబర్ 31 వరకు చెల్లుబాటుగా పరిగణించాలని ఆదేశాలు ఇచ్చింది. ఆ మినహాయింపు తీసేస్తే నిజమైన ఖాళీ 2021 నవంబర్ నుంచి 2022 జూన్ వరకు, అంటే ఏడు నెలలకు పైగా. ఒకప్పుడు గడువు తీరాక 30 రోజుల వెసులుబాటు ఉండేది, దాన్ని కూడా 2019 సవరణ తీసేసింది. ఆ సవరణ ప్రకారం రెన్యువల్ చేయించిన తేదీ నుంచే కొత్త గడువు మొదలవుతుంది కాబట్టి మధ్యలోని ఖాళీ ఖాళీగానే మిగులుతుంది.

ఆ ఏడు నెలలూ ఆయన కొరియర్ బండి నడిపారు. అది చట్టవిరుద్ధమా అన్నది బండిని బట్టి ఉంటుంది. ఆయన ఇచ్చిన బండి నంబరును ఎం-పరివాహన్ యాప్‌లో చూస్తే లైట్ గూడ్స్ వాహనమని తేలింది. లైట్ లైసెన్సు 2032 వరకు నిరాటంకంగా ఉంది కాబట్టి, సుప్రీంకోర్టు తీర్పు వెలుగులో ఆ కాలానికి ఆయన లైసెన్సు లేని డ్రైవర్ కారు. అదే బండి 19 అడుగులది అయి ఉంటే ఈ బయోడేటా అక్కడితో ఆగిపోయేది. ఆలస్యానికి కారణం అడిగితే, ఫారం 1ఏ మెడికల్ సర్టిఫికెట్ తీసుకుని స్లాట్ రోజున ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లాలంటే రాత్రి డ్యూటీ దిగి పగలంతా పోవాలని, సెలవు దొరకలేదని చెప్పారు. నమ్మదగిన కారణమే. అయినా గడువు చూసుకోవడం డ్రైవర్ అలవాట్లలో ఒకటి కాబట్టి, కొనసాగింపుకు ఉంచిన 5లో 3 ఇచ్చాం. సరైన తరగతికి 10కి 10, ఏడాదికి పైగా గడువు మిగిలి ఉన్నందుకు 5కి 5. లైసెన్సు మొత్తం 25కి 18.

రూటు: ఊరు తెలియడం, రూటు తెలియడం ఒకటి కాదు

‘అన్ని రూట్లూ తెలుసు’ అన్న వాక్యానికి సున్నా వేశాం. అది అబద్ధమని కాదు, దానిలో తనిఖీ చేయడానికి ఏమీ లేదని. మార్కులకు పనికొచ్చిన ఆధారం ఆయన ఉద్యోగాల జాబితాలో ఉంది. మందుల సంస్థలో ఉన్న నాలుగేళ్లు కూకట్‌పల్లి, మూసాపేట, ఎర్రగడ్డ వైపు తిరిగినట్టు రాశారు. ఇది ఈ డిపో రూటులో సగం. కానీ ఆ పని 2021లోనే ముగిసింది. తరువాత నాలుగేళ్లూ ఆయన నడిపింది రాత్రివేళ ఒక హబ్ గేటు నుంచి మరో హబ్ గేటుకు. మూడేళ్లు దాటిన రూటు అనుభవానికి సగం మార్కులే ఇవ్వాలన్నది మా నియమం, ఎందుకంటే హైదరాబాద్‌లో మూడేళ్లలో యూటర్న్‌లు మూసుకుపోతాయి, ఫ్లైఓవర్లు లేస్తాయి, వన్‌వేలు మారతాయి. కాగితం మీద ప్రాంత పరిచయానికి 15లో 7, డెలివరీ రకానికి 10లో 5 వచ్చాయి. డెలివరీ కాగితాల గురించి బయోడేటాలో ఒక్క మాటా లేదు. రూటుకు 35లో 12.

ఇక్కడితో ఆపేస్తే అన్యాయం జరిగేది. బయోడేటా ఖాళీగా ఉన్నచోట ప్రశ్న అడగాలి. ఆ ప్రశ్న కూడా, ఏ రోజు ఏ దుకాణాలకు వెళ్లాలో రాసి ఉండే డిపో అసలు బీట్ షీట్ నుంచే రావాలి. ‘కూకట్‌పల్లి తెలుసా’ అంటే తెలియదని ఎవరూ అనరు. మేము ఒక రోజు డెలివరీ జాబితాలోంచి ఆరు దుకాణాలు తీసి, మేడ్చల్‌లో పొద్దున ఏడింటికి బండి కదిలితే ఏ వరుసలో దింపుతారో చెప్పమన్నాం.

ఆయన మొదట అడిగింది బండి ఎత్తు. 14 అడుగుల క్లోజ్డ్ బాడీ కింద నుంచి పైకి ఎంతుందో తెలియకుండా రైల్వే వంతెన కింద నుంచి వెళ్లే దారి చెప్పలేనన్నారు. రెండోది, ఏ దుకాణం ఎన్నింటికి తెరుస్తారు. ఆ రెండు జవాబులూ చెప్పాక సుచిత్ర, కుత్బుల్లాపూర్, చింతల్, ఐడీపీఎల్, బాలానగర్ మీదుగా కూకట్‌పల్లి వై జంక్షన్‌కు, అక్కడి నుంచి మూసాపేట, ఎర్రగడ్డకు వరుస వేశారు. బాలానగర్‌లోని దుకాణానికి ఫ్లైఓవర్ ఎక్కుతారా, కింద నుంచి వెళ్తారా అని అడిగాం. ఆ ఫ్లైఓవర్ 2021 జులైలో తెరుచుకుంది, సరిగ్గా ఆయన సిటీ పని మానేసిన సమయంలో. పైకెక్కితే దుకాణం దాటిపోతుందని, కిందనే వెళ్లాలని తెలుసు గాని, కింద ఇప్పుడు ఎక్కడ తిప్పుకోవాలో తెలియదని చెప్పారు. “అది పోయి చూడాలి సార్” అన్నారు. తెలియనిచోట తెలియదన్న ఈ జవాబు, గూగుల్ మ్యాప్స్‌లో చూసుకుంటానన్న జవాబు కన్నా మాకు ఎక్కువ ఉపయోగపడింది. కారుకు ఉన్న దారి 14 అడుగుల బండికి ఉండదని, తిరగడానికి చోటు ఎంతుందో ఫోన్ చెప్పదని సిటీలో డెలివరీ చేసినవారికి తెలుసు.

ఎర్రగడ్డ దుకాణం చిరునామాలో మెట్రో పిల్లర్ నంబరు ఉంది. హైదరాబాద్‌లో మెట్రో లైను పొడవునా చిరునామాలు అలాగే చెప్పుకుంటారు. పిల్లర్ డివైడర్ మీద ఉంటుంది కాబట్టి దుకాణం ఎటువైపో నంబరు ఒక్కటే చెప్పదు. ఆయన వెంటనే ‘ఏ సైడు’ అని అడిగారు. ఆ చిన్న ప్రశ్నకు విలువ ఎంతంటే, పక్క మారితే తరువాతి యూటర్న్ దాకా వెళ్లి రావాలి, అప్పటికి ట్రాఫిక్ పెరిగిపోతుంది.

డెలివరీ కాగితాల విషయంలో ఆయన బలహీనత బయటపడింది. మందుల సంస్థలో ఇన్‌వాయిస్ మీద ముద్ర, సంతకం తీసుకోవడం తెలుసు. కానీ దుకాణదారు రెండు పెట్టెలు వెనక్కి ఇచ్చినప్పుడు ఆ తగ్గింపును డెలివరీ కాగితం మీద అక్కడికక్కడే రాయించుకోవాలా, డిపోకు వచ్చాక చెప్పాలా అన్నదానికి తడబడ్డారు. చివరికి ప్రాంత పరిచయానికి 11, డెలివరీ రకానికి 8, కాగితాలకు 6 వేశాం. మొత్తం 25. ఫోన్ మీద అరగంట ప్రశ్నలతో 12 కాస్తా 25 అయింది. అదే ప్రశ్నలకు మరో అభ్యర్థి మార్కులు తగ్గాయి, ఆ సంగతి తరువాత చెబుతాను.

భద్రత: ఖాళీ గడిని ‘మంచి’గా చదవకూడదు

ఈ మొత్తం పనిలో కష్టమైన భాగం ఇదే. మన దేశంలో డ్రైవర్ చేసిన తప్పులన్నీ అతని పేరు మీద ఒకచోట కనిపించే రికార్డు యజమానికి అందుబాటులో లేదు. కెమెరా తీసిన ఫొటోతో వచ్చే చలాను బండి నంబరు మీద, అంటే యజమాని పేరు మీద పడుతుంది. ఇ-చలాన్ పోర్టల్‌లో లైసెన్సు నంబరుతో వెతికే వీలుంది, ఈ అభ్యర్థి నంబరు కొడితే ఏమీ రాలేదు. చాలామంది ఇక్కడ ‘రికార్డు శుభ్రం’ అని రాసుకుని ముందుకు వెళ్తారు. నిజానికి ఆ ఖాళీ చెప్పేది ఒక్కటే: ఆయన లైసెన్సును చేతిలో పట్టుకుని పోలీసు రాసిన చలాను ఆ పోర్టల్‌లో లేదని. అంతకు మించి ఏమీ తెలియదు.

అందుకే బయోడేటా దశలో భద్రతకు మేము మార్కు వేయలేదు. సున్నా కూడా వేయలేదు. ‘తెలియదు’ అని గడిలో రాశాం. సున్నా వేస్తే నిజాయితీగా జాగ్రత్తగా నడిపినవాడు ప్రమాదాలు చేసినవాడితో సమానమవుతాడు, పూర్తి మార్కులు వేస్తే నెట్ సెంటర్ నమూనాలోని వాక్యానికి 40 మార్కులు ఇచ్చినట్టవుతుంది. ఆ దశలో ఈ బయోడేటా స్థితి, లెక్కించగలిగిన 60లో 24 (ఆధారం ఇంకా చూడని లైసెన్సుకు 25లో సగానికి కాస్త తక్కువగా 12, రూటుకు 12), తెలియనివి 40.

తెలియని 40ని తెలుసుకునే దారి బండి నంబరు, డ్యూటీ తేదీలు. కొరియర్ కాంట్రాక్టరు దగ్గర ఆయన నడిపిన బండి నంబరు మాకు తెలుసు. ఆన్‌లైన్‌లో ఎక్కువగా కనిపించేవి ఇంకా కట్టని చలాన్లే కాబట్టి, కట్టేసిన వాటి కోసం కాంట్రాక్టరు సూపర్‌వైజర్‌ను అడిగాం. చలాన్ల సొమ్మును చాలా సంస్థలు డ్రైవర్ జీతంలో కోస్తాయి, అందువల్ల పోర్టల్‌లో లేని చరిత్ర జీతాల పుస్తకంలో దొరుకుతుంది. చివరి మూడేళ్లలో ఆ బండి మీద తొమ్మిది చలాన్లు ఉన్నాయి. డ్యూటీ రిజిస్టరుతో తేదీలు పోల్చితే రెండు ఆయన సెలవులో ఉన్న రోజులవి. నాలుగు హబ్ గేటు ముందు ఆపినందుకు, నో ఎంట్రీ సమయంలో వచ్చినందుకు పడ్డవి. లోడింగ్ ఆలస్యమై బండి ఆలస్యంగా కదిలితే నో ఎంట్రీలో పడటం డ్రైవర్ తప్పు కాదు, డిస్పాచ్ తప్పు. మిగిలిన మూడే ఆయన నడవడికకు సంబంధించినవి: అతివేగానికి రెండు, సీటు బెల్టు లేనందుకు ఒకటి. మూడింటిలో ఏదీ చివరి ఏడాదిలోది కాదు. చలాన్లకు 10లో 8.

ప్రమాదాల దగ్గర ప్రశ్న ఎలా అడుగుతామన్నదాన్ని బట్టి జవాబు వస్తుంది. ‘ప్రమాదాలు చేశారా’ అంటే డ్రైవర్ మనసులో మెదిలేది మనిషికి దెబ్బ తగలడం, పోలీసు కేసు. అందుకని “మూడేళ్లలో బండికి ఎక్కడెక్కడ సొట్టలు పడ్డాయి, ఒక్కొక్కటి ఎలా పడింది” అని అడిగాం. ఆయన మూడు చెప్పారు. పంతంగి టోల్‌గేటు దగ్గర క్యూలో నిలబడి ఉండగా వెనక నుంచి మరో బండి గుద్దింది. విజయవాడ హబ్‌లో రివర్స్ చేస్తుంటే వెనక బంపరు గోడకు తగిలింది. మరోసారి రివర్స్‌లోనే పక్కనున్న బండి అద్దం విరిగింది. సూపర్‌వైజర్ చెప్పిన జాబితాలో మొదటి రెండే ఉన్నాయి, అవి బీమా క్లెయిముకు వెళ్లాయి కాబట్టి. అద్దం సంగతి డ్రైవర్ జేబులోంచి ఇచ్చి అక్కడే తేల్చుకున్నారు. యజమాని రికార్డులో లేనిదాన్ని అభ్యర్థి తానే చెప్పడం మా లెక్కలో బరువైన విషయం.

ఇప్పుడు దీన్ని ఎలా తూచాలి? హైదరాబాద్–విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు, నెలకు పాతిక రాత్రులు వేసుకున్నా ఏడాదికి 80,000 కిలోమీటర్ల పైమాటే. మూడేళ్లలో దాదాపు రెండున్నర లక్షల కిలోమీటర్లకు తన వైపు తప్పుతో రెండు చిన్న ఘటనలు, ఎవరికీ దెబ్బ లేదు. కిలోమీటర్ల లెక్కన ఇది చక్కని రికార్డు. కానీ ఈ డిపో ఉద్యోగంలో రోజుకు తిరిగేది 60, 70 కిలోమీటర్లు, దుకాణాలు ఇరవైకి పైగా. ఇక్కడ ప్రమాదం పొంచి ఉండేది వేగంలో కాదు, రివర్స్‌లో, గల్లీలో, పిల్లలు ఆడుకునే చోట. కొరియర్ పనిలో ఆయన రాత్రికి రెండు మూడుసార్లే రివర్స్ చేసేవారు, ఆయన వల్ల జరిగిన రెండు ఘటనలూ రివర్స్‌లోనే జరిగాయి. రేపు రోజుకు పదిహేను ఇరవైసార్లు రివర్స్ చేయాలి. ప్రమాదాల రికార్డును ఏ పనితో భాగించాలో చూడకుండా కేవలం సంఖ్యను చూస్తే ఈ బలహీనత కనపడేదే కాదు. అందుకే 15లో 10 మాత్రమే ఇచ్చి, పక్కన ‘రోడ్డు టెస్టులో రివర్స్ ప్రత్యేకంగా చూడాలి’ అని రాశాం.

లైసెన్సు మీద సస్పెన్షన్ లేనందుకు 5కి 5. బండి తీసే ముందు ఏమేం చూస్తారన్న ప్రశ్నకు టైర్ల గాలి, బ్రేకు, ఇంజిన్ ఆయిల్, కూలెంటు, లైట్లు వరుసగా చెప్పారు, లోడు కట్టు సంగతి అడిగితే గాని చెప్పలేదు. దానికి 10లో 7. భద్రత మొత్తం 40కి 30.

73, 60

లైసెన్సు 18, రూటు 25, భద్రత 30 కలిపి 73. కోత గీత 65 కాబట్టి రోడ్డు టెస్టు జాబితాలో చేరారు. 2021కి ముందున్న మందుల సంస్థ బండి అమ్ముడైపోయింది, ఆ కాలపు చలాన్లు, క్లెయిములు తెలుసుకోలేకపోయాం. ఆ విషయాన్ని నివేదికలో విడిగా రాసి, దానికి మార్కు కలపలేదు, తీయలేదు.

పోలిక కోసం మరో అభ్యర్థి సంగతి చెప్పాలి. ఆయనది ఇంగ్లిషులో పొందికగా టైపు చేసిన బయోడేటా, నిఖార్సయిన హెవీ లైసెన్సు, ఖాళీ లేని రెన్యువల్స్, పదిహేనేళ్ల లారీ అనుభవం. లైసెన్సుకు 25కి 25 వచ్చాయి. భద్రతలో పాత యజమాని మంచి మాటే చెప్పారు గాని చూపించడానికి రిజిస్టరు లేదు, 26 దగ్గర ఆగింది. రూటు ప్రశ్నలకు ఆయన ప్రతి దుకాణానికీ మెయిన్ రోడ్డు మీద బండి ఆపి హమాలీతో మోయిస్తానన్నారు. రూటుకు 9. మొత్తం 60. మొదటి ప్రకటనను మార్చకుండా వడపోసి ఉంటే ఈయన జాబితాలో మొదట ఉండేవారు, మన అభ్యర్థి లోపలికే వచ్చేవారు కాదు. అయితే కరీంనగర్ వెళ్లే 19 అడుగుల బండికి కావలసినవన్నీ ఈయనలో ఉన్నాయి. ఆ ఉద్యోగానికి రూటు మార్కులు వేరుగా లెక్కించి చూస్తే గీత దాటారు. సంస్థ ఆయనను ఆ బండికి తీసుకుంది.

మన అభ్యర్థి రోడ్డు టెస్టులో, ఎర్రగడ్డ దగ్గర ఒక సన్నని గల్లీలోకి వెనక్కి వెళ్లాల్సిన చోట బండి ఆపి, దిగి, వెనక నడిచి చూసి వచ్చి, హెల్పర్‌ను తన అద్దంలో కనిపించే వైపు నిలబడమని చెప్పాకే గేరు వేశారు. పరీక్షకుడు ఫారంలో ఆ వరుస అలాగే రాశారు. సంస్థ ఆయనను మూడు నెలల ప్రొబేషన్ మీద తీసుకుంది. హెల్పర్ దిగకుండా రివర్స్ చేయకూడదని, మొదటి రెండు వారాలు పాత డ్రైవర్‌తో కలిసి బీట్ తిరగాలని, వెనక్కి వచ్చిన సరుకును డెలివరీ కాగితం మీద దుకాణంలోనే రాయించాలని షరతులు పెట్టింది. ప్రొబేషన్ ముగిశాక రూటు, భద్రత మార్కులను డిపో సొంత రికార్డుతో మళ్లీ వేస్తారు. ఆసారి గడుల్లో వాడేవి రివర్స్ ఘటనల సంఖ్య, ఆయన డ్యూటీలో బండి మీద పడిన చలాన్లు, దుకాణాల నుంచి వచ్చిన కాగితాల తేడాలు.